చివరి సీను ముందు తీస్తే కంటిన్యుటీ ఎలా పట్టుకోవాలి

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా దాంతోనే నడుద్దాం. స్క్రిప్టులో 23వ సీను రాత్రి, ఇంట్లో. అక్క కమల, తమ్ముడు మురళి భోజనాల బల్ల దగ్గర గొడవ పడతారు. మురళి కోపంలో గ్లాసు బల్లకేసి కొడతాడు, అది పగిలి అతని అరచెయ్యి తెగుతుంది. కమల తన చేతిరుమాలు తీసి కట్టు కడుతుంది. అతను బ్యాగు తగిలించుకుని వెళ్లిపోతాడు. 24వ సీను వెంటనే, ఇంటి బయట. స్కూటర్ మీద కూర్చున్న మురళికీ పైన బాల్కనీలో నిలబడ్డ కమలకీ మధ్య నాలుగు మాటలు. 27వ సీను మర్నాడు పొద్దున, రైల్వే ప్లాట్‌ఫారం మీద మురళి ఒక్కడే.

షూటింగ్ మాత్రం తలకిందులు. ప్లాట్‌ఫారం అనుమతి ముందు దొరికింది కాబట్టి 27వ సీను రెండో రోజే. వీధిలో మురళి వైపు షాట్లు ఐదో రోజు. బాల్కనీ నచ్చింది వేరే ఇంట్లో దొరికింది, అక్కడ కమల వైపు షాట్లు పన్నెండో రోజు. ఇంటి లోపలి గొడవ సెట్‌లో, పందొమ్మిదో రోజు. అంటే చెయ్యి తెగకముందే కట్టు ఉన్న చేతిని షూట్ చేస్తున్నారు. ఇక్కడ మీరు ముందే ఒప్పుకోవాల్సిన సంగతి ఒకటుంది: కథలో ముందు ఏది జరిగినా, కెమెరా ముందు ఏది తీశారో అదే శాసనం. రెండో రోజు మీరు తీసిన కట్టుని బట్టి పందొమ్మిదో రోజు గాయం అవుతుంది.

ముందు స్క్రిప్టుని రోజుల్లోకి మార్చండి

షెడ్యూల్ చేతికి రాగానే దాన్ని పక్కన పెట్టి, స్క్రిప్టుని కథలో రోజుల ప్రకారం విడగొట్టండి. 23, 24 సీన్లు కథలో 4వ రాత్రి, 27వది 5వ పొద్దున. ఈ నంబర్లు సీను నంబరు పక్కన ప్రతి చోటా రాయండి. కాస్ట్యూమ్ వాళ్లకీ, ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కీ, మేకప్ వాళ్లకీ అదే కాగితం ఇవ్వండి. నలుగురి దగ్గరా నాలుగు లెక్కలుంటే సెట్‌లో మీ కంటిన్యుటీ పుస్తకానికి విలువుండదు.

తర్వాత ఒక్కో పాత్రకీ ఒక్కో సీనుకీ రెండే రెండు స్థితులు రాయండి, సీన్లోకి వచ్చేటప్పుడు ఎలా ఉన్నాడు, వెళ్లేటప్పుడు ఎలా ఉన్నాడు. మధ్యలో జరిగేది సెట్‌లో తేలుతుంది. కంటిన్యుటీ తెగేది దాదాపు ఎప్పుడూ ఈ అతుకుల దగ్గరే. నా పుస్తకంలో ఈ సీను ఇలా ఉంటుంది:

సీను 23, కథలో 4వ రాత్రి, మురళి.
వచ్చేటప్పుడు: నీలం చొక్కా శుభ్రంగా, చేతులు మోచేతి దాకా మడిచి, కుడి చేతికి మూడు మడతలు, ఎడమ చేతికి రెండు. పై గుండీ ఒకటి విప్పి. వాచీ ఎడమ మణికట్టుకి.
వెళ్లేటప్పుడు: ఎడమ అరచేతికి తెల్ల రుమాలు, ముడి చేతి వెనక. చొక్కా కింది అంచున ఎడమవైపు తడి నెత్తురు మరక. బ్యాగు కుడి భుజం మీద.
తర్వాతి సీనుకి వ్యవధి: లేదు.

ఆ చివరి లైను చిన్నదే గానీ దాన్ని వదలకండి. వ్యవధి లేకపోతే 24లో వెంట్రుక కూడా కదలకూడదు. 24కీ 27కీ మధ్య ఒక రాత్రి ఉంది కాబట్టి అక్కడ మార్పులకి చోటుంది. మడతలు జారొచ్చు, రుమాలు మాయొచ్చు. అయితే ఆ మార్పులు మీరు ఎంచుకున్నవై ఉండాలి. కాస్ట్యూమ్ అసిస్టెంటు ఆ పొద్దున హడావిడిలో ఎలా మడిస్తే అలా అయితే, ఐదో రోజుకి అదెలా ఉందో ఎవరికీ గుర్తుండదు.

ఇంకా తీయని సీనుని పొడిగా ఒకసారి ఆడించండి

ఈ పని చాలామంది చెయ్యరు. వెనక నుంచి తీసేటప్పుడు దీనికి మించింది మరొకటి లేదని నా అభిప్రాయం. రెండో రోజు ప్లాట్‌ఫారం మీద మురళి చేతికి కట్టు కట్టాలి. మేకప్ అసిస్టెంటు చేతికిస్తే చక్కగా ఆస్పత్రి కట్టులా కట్టి, ముడి లోపలికి దోపేస్తాడు. పందొమ్మిదో రోజు బల్లకి అవతల కూర్చున్న కమల కెమెరా ముందు, ఏడుస్తూ, డైలాగ్ చెబుతూ అదే కట్టు కట్టాలి. ఆమె వల్ల కాదు.

అందుకని 27 తీసే రోజు ఉదయమే, కుదిరితే ముందు రోజే, కమల వేషం వేసే నటిని పది నిమిషాలు రప్పించండి. రెండు కుర్చీలు, మధ్యలో బల్ల, ఒక రుమాలు చాలు. ఆమె మాట చెబుతూ కట్టమనండి. ఎదురుగా కూర్చున్న మనిషి రెండుసార్లు చుట్టి కడితే ముడి సహజంగా చేతి వెనక వైపు పడుతుంది, కొసలు రెండూ బయటికి వేలాడతాయి. ఆ కట్టుని నాలుగు వైపుల నుంచీ ఫోటో తీసుకోండి. ప్లాట్‌ఫారం మీద మీరు కట్టాల్సింది దాన్నే, కాకపోతే ఒక రాత్రి మాసింది. ఆమె రాలేకపోతే మీరే ఎదురుగా కూర్చుని కట్టండి. పక్కన నిలబడి కట్టొద్దు, ముడి పడే చోటే మారిపోతుంది.

ఏ చెయ్యి అన్నది కూడా ఇప్పుడే తేలాలి. స్క్రిప్టులో "అరచెయ్యి తెగింది" అని మాత్రమే ఉంటుంది. కుడి చెయ్యి అనుకున్నారనుకోండి, 24లో స్కూటర్ యాక్సిలేటర్ తిప్పేది ఆ చెయ్యే. తాజా గాయంతో తిప్పితే ప్రేక్షకుడి కళ్లు డైలాగ్ వదిలి చేతి మీదికి పోతాయి. ఎడమ చెయ్యి అనుకుంటే స్కూటర్ సంగతి తేలిపోతుంది, కానీ గ్లాసు ఎడమ చేత్తో పట్టుకోవాలి, బ్యాగు కుడి చేత్తో ఎత్తి కుడి భుజానికే తగిలించుకోవాలి. ఈ గొలుసంతా డైరెక్టర్‌కి ఒకే ఊపిరిలో చెప్పి నిర్ణయం తీసుకోండి. "సార్, ఏ చెయ్యి?" అని మాత్రం అడిగితే నోటికొచ్చింది చెబుతారు, తప్పు వాళ్లది కాదు.

బట్టలు: ఒక చొక్కాకి మూడు వయసులు

మురళి చొక్కా ఒకటే, స్థితులు మూడు. 23 మొదట్లో శుభ్రంగా, 23 చివర్లోనూ 24లోనూ తడి మరకతో, 27లో ఎండిన మరకతో. తడి నెత్తురు ఎర్రగా మెరుస్తుంది. ఎండింది గోధుమ రంగుకి తిరిగి బట్టని గట్టిపరుస్తుంది. ఒకే చొక్కాని ఉతికి మళ్లీ వాడదామనుకుంటే మరక పూర్తిగా పోదు, రంగు కూడా వెలుస్తుంది.

గ్లాసు పగిలే టేకులో నెత్తురు పడుతుంది కాబట్టి, ఆ షాట్ ఎన్ని టేకులు వెళ్తుందనుకుంటే అన్ని శుభ్రమైన చొక్కాలు కావాలి. నాలుగు టేకులనుకుంటే నాలుగు. తడి మరకకి రెండు, ఎండిన మరకకి ఒకటి కలిపితే మొత్తం ఏడు. అన్నీ ఒకేసారి, ఒకే తాను గుడ్డలోంచి తీసుకుని, తొడిగే ముందు అన్నిటినీ కలిపి ఒకేసారి ఉతికించండి. కొత్త చొక్కా పక్కన రెండుసార్లు ఉతికిన చొక్కా మామూలు కంటికి ఒకేలా కనిపించినా లైట్ల కింద తేడా తెలుస్తుంది. కాలరు లోపల "23 శుభ్రం", "24 తడి", "27 ఎండు" అని చీటీ కుట్టించండి.

మరక ఆకారాన్ని కంటి అంచనాకి వదలొద్దు. మొదటి మరక వేయగానే దాని మీద పల్చటి కాగితం పరిచి గీత గీసుకోండి, కింది అంచు నుంచి ఎన్ని వేళ్లు, గుండీల పట్టీ నుంచి ఎన్ని వేళ్లు అన్నది రాసుకోండి. మిగతా చొక్కాలకి ఆ కాగితమే అచ్చు. ఇక ఉతికేవాళ్ల సంగతి. రెండో రోజు సాయంత్రం మాసిన బట్టల మూటలో 27 చొక్కా కూడా కలిసిపోతుంది, మర్నాటికి ఇస్త్రీ అయి నవనవలాడుతూ వస్తుంది. నాకు జరిగింది. అప్పటి నుంచి అలాంటి బట్టల సంచీకి ఎర్ర గుడ్డ కట్టి "ఉతకొద్దు" అని రాస్తున్నాను, రాసినా మళ్లీ ఫోన్ చేసి చెబుతున్నాను.

ఫోటోలు ఎప్పుడు తీయాలి, ఎలా తీయాలి

అందరూ సీను మొదలవ్వకముందు ఫోటో తీస్తారు. మేకప్ తాజాగా, జుట్టు దువ్వి, అన్నీ సరిగ్గా ఉన్నప్పుడు. మీకు ఎక్కువ పనికొచ్చేది ఓకే అయిన ఆఖరి టేకు అవగానే, నటుడు మార్కు మీంచి కదలకముందు తీసిన ఫోటో. అప్పటికి మడత జారి ఉంటుంది, కాలరు ఒకవైపు లేచి ఉంటుంది. తెర మీద ఉన్నది అదే.

ముందు, వెనక, రెండు పక్కలు, రెండు చేతులు దగ్గరగా, కాళ్లు. చేతిలో సీను నంబరు, కథలో రోజు, టేకు రాసిన చిన్న చీటీ పట్టించండి. వీటికి తోడు మానిటర్ మీది ఫ్రేము కూడా ఒకటి తీసుకోండి, ఎందుకంటే ఫ్రేములో లేని తప్పు తప్పు కాదు.

ఒక ఉచ్చు గురించి జాగ్రత్త. నటుడు తన ఫోన్‌లో తీసుకున్న సెల్ఫీని ఆధారంగా పెట్టుకోకండి. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసింది అద్దంలోలాగా తిప్పి దాచుకుంటాయి. ఒకసారి నేను ఫోటో తీయడం మర్చిపోయి, నటుడి సెల్ఫీ చూసి బ్యాగు ఎడమ భుజానికి వేయించాను. ఎడిటింగ్‌లో అతను గుమ్మం దాటగానే బ్యాగు భుజం మారిపోయింది. ఏ ఫోటో అయినా ముందు చొక్కా గుండీల పట్టీ ఎటుందో, గోడ మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయో చూశాకే నమ్మండి.

వస్తువులు: ఏ మాట మీద ఏ చెయ్యి

ప్రాపర్టీల్లో కదలనివి సులువు. గోడ గడియారానికి బ్యాటరీ తీసేసి సీను టైముకి ముల్లు తిప్పి పెట్టండి, అయిపోయింది. కష్టమంతా తగ్గేవీ పగిలేవీ కదిలేవీ. గ్లాసులో నీళ్లు ఎంతున్నాయన్నది కెమెరాకి కనపడని వైపు సన్నటి టేపు ముక్క అంటించి గుర్తు పెట్టండి. టేకు టేకుకీ ఆ గీత దాకా నింపండి.

చేతుల కదలికలు స్క్రిప్టు మీదే గుర్తించాలి. సీనంతా ఒకే వరసలో తీసే మాస్టర్ షాట్‌లో మురళి "ఇంక నన్ను పిలవొద్దక్కా" అంటూ గ్లాసు ఎత్తాడనుకోండి. ఏ మాట మీద ఎత్తాడు? "నన్ను" మీదా, "పిలవొద్ద" మీదా? ఆ మాట కింద గీత గీసి "ఎ. చెయ్యి, గ్లాసు పైకి" అని రాయండి. ఒక్కో షాట్ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో స్క్రిప్టు మీద నిలువు గీతగా గీయడం పాత అలవాటు. మాట్లాడేవాడు ఫ్రేములో ఉంటే తిన్నటి గీత, ఫ్రేము బయట ఉంటే వంకర గీత. సాయంత్రానికి ఆ పేజీ చూస్తే ఏ డైలాగ్‌కి ఎవరి మొహం లేదో ఇట్టే తెలుస్తుంది.

నటుడు ప్రతి టేకులోనూ ఒకేలా చెయ్యడు, చెయ్యనక్కర్లేదు కూడా. డైరెక్టర్ ఏ మాస్టర్ టేకుని ఓకే అన్నారో దాని ప్రకారమే క్లోజప్ కలపాలి. కాబట్టి టేకు ఓకే అయ్యేదాకా నటుడికి చెయ్యి గురించి ఏమీ చెప్పకండి. ఏడుపు సీన్ మధ్యలో "మీరు ఇందాక ఎడమ చేత్తో ఎత్తారు" అంటే చెయ్యి సరిపోతుంది, ఏడుపు పోతుంది.

లుక్: వేరే ఇల్లు, వేరే రోజు, ఒకే చూపు

ఇక 24వ సీను. మురళి, కమల అసలు ఒకరి మొహం ఒకరు చూడలేదు, ఏడు రోజుల తేడాలో రెండు ఇళ్ల దగ్గర తీశారు. కానీ తెర మీద చూపులు కలవాలి.

ఐదో రోజు వీధిలో మురళిని తీసేటప్పుడు మీరు రాసుకోవాల్సినవి ఇవి. అతని చూపు కెమెరాకి ఎడమా, కుడా, లెన్స్‌కి ఎంత దగ్గరగా, ఎంత పైకి, ఆ షాట్‌కి లెన్స్ ఏమిటి, మనిషికీ కెమెరాకీ దూరమెంత, కెమెరా ఎత్తెంత. కింద ఒక చిన్న ప్లాను బొమ్మ. మురళి, బాల్కనీ, ఇద్దరినీ కలిపే ఊహా గీత, గీతకి ఏ పక్కన కెమెరా ఉందో. మురళి చూపు కెమెరా కుడికి ఉంటే, గీతకి అదే పక్కన ఉండి తీసిన కమల చూపు కెమెరా ఎడమకి ఉండాలి. ఇద్దరూ కుడికే చూస్తే ఇద్దరూ కలిసి మూడో మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది.

ఎత్తు దగ్గర అందరూ కంటి అంచనాతో పోతారు. "కొంచెం పైకి చూడు బాబూ" అంటారు. లెక్క చెయ్యండి, చాలా చిన్నది. స్కూటర్ మీద కూర్చున్న మురళి కన్ను నేల నుంచి 4 అడుగులు. బాల్కనీ నేల 11 అడుగుల ఎత్తు అనుకున్నాం, నిలబడ్డ కమల కన్ను దానికి 5 అడుగుల పైన, అంటే 16. తేడా 12 అడుగులు. స్కూటర్ నుంచి బాల్కనీ కింది చోటుకి 20 అడుగులు. అంటే ప్రతి 10 అడుగులకీ 6 అడుగులు ఎక్కే చూపు. మురళికి 10 అడుగుల దూరంలో, అతని కంటికన్నా 6 అడుగులు పైన, నేల నుంచి 10 అడుగుల ఎత్తున, ఒక స్టాండు మీద రంగు టేపు చుట్టిన బంతి పెట్టండి. అతను దాన్ని చూస్తాడు.

పన్నెండో రోజు దొరికిన బాల్కనీ నేల నుంచి 8 అడుగులే. నిజంగా కిందున్న మనిషిని చూపిస్తే ఆమె చూపు మరీ పైనే ఆగిపోతుంది, కోణం కలవదు. అదే నిష్పత్తి ఇక్కడా వాడండి. ఆమె కన్ను 13 అడుగుల ఎత్తున ఉంది. ఆమె నుంచి అడ్డంగా 10 అడుగుల దూరంలో, ఆమె కంటికన్నా 6 అడుగులు కింద, అంటే నేల నుంచి 7 అడుగుల ఎత్తున బంతి పెట్టండి. డైలాగ్ అందించే మనిషిని ఆ బంతి వెనక నిచ్చెన మీద నిలబెట్టండి. బంతి ఒక చోట, గొంతు ఇంకో చోట ఉంటే నటి కళ్లు గొంతు వైపు జారతాయి. క్లోజప్‌లో ఆ జారుడు బాగా కనిపిస్తుంది.

ఈ సీన్లో ఇంకో మెలిక ఉంది. చివర్లో మురళి స్కూటర్ నడుపుకుంటూ బాల్కనీ కిందుగా దాటి ఫ్రేము కుడి నుంచి వెళ్లిపోతాడు. అంటే తెర మీద అతను ఆమెకి ఎడమన ఉన్నవాడు కుడికి వచ్చాడు. కమల షాట్‌లో చూపు ఎడమ నుంచి మొదలై, నేరుగా కిందికి దిగి, కుడికి ప్రయాణించాలి. ఆ ప్రయాణానికి ఎంత సేపు పట్టాలో ఐదో రోజు ఓకే టేకుని వాచీతో కొలిచి రాసుకోండి, ఉదాహరణకి "స్టార్ట్ చప్పుడు నుంచి 3 సెకన్లకి బాల్కనీ కింద, 5కి ఫ్రేము బయట". పన్నెండో రోజు ఒక మనిషి బంతి పట్టుకుని ఆ లెక్కకి నడుస్తాడు. దాటాక మురళి వెనక్కి తిరిగి చూసే షాట్ ఉంటే, ఇప్పుడు అతని లుక్ కెమెరా ఎడమకి. ఇది గుర్తుపెట్టుకోకపోతే సీను చివరి షాట్ చెడుతుంది.

లుక్ తప్పిందని ఎడిటింగ్‌లో తేలితే షాట్‌ని అద్దంలా తిప్పేస్తారు. అన్నిసార్లూ నడవదు. బోర్డు మీద అక్షరాలుంటే చదివేవాడికి దొరికిపోతారు. మురళి షాట్ తిప్పితే కట్టు కుడి చేతికి మారుతుంది, చొక్కా జేబు, పాపిడి అటుదిటు అవుతాయి. కమల బాల్కనీ షాట్‌లో అక్షరాలు లేకపోతే, పాపిడి మధ్యలో ఉంటే తిప్పినా తెలియదు. కంటిన్యుటీ పుస్తకంలో "తిప్పొచ్చు", "తిప్పకూడదు" అని ఆ రోజే రాసి పెడితే ఎడిటర్ మీకు రుణపడతాడు.

పందొమ్మిదో రోజు

ఈ రోజు మీరు గతాన్ని తీస్తున్నారు. ఫోటోలన్నీ ఒక పేజీలో పేర్చి, పైన 27, కింద 24, దాని కింద ఖాళీ గడి పెట్టుకోండి. ఖాళీ గడిలోకి రావాల్సింది 23 ఆఖరి క్షణం. మురళి గుమ్మం దాటే షాట్‌ని మిగతా అన్నిటికన్నా ముందు రిహార్సల్ చెయ్యండి, అతను వీధిలోకి వచ్చినప్పుడు ఎలా ఉన్నాడో అలాగే ఇంట్లోంచి వెళ్లాలి కాబట్టి. రుమాలు ముడి, కొసల పొడవు, బ్యాగు భుజం, మడతలు, మరక, ఈ ఐదూ చూసి, టేకుకి ముందే అసిస్టెంట్ డైరెక్టర్‌కి చెప్పండి.

అంతా చేసినా ఏదో ఒకటి తప్పుతుంది. కమల రెండో టేకులో రుమాలు మూడుసార్లు చుట్టేసింది, నటన మాత్రం అద్భుతం. అప్పుడు టేకు కొట్టేయమని అడక్కండి. ఆ టేకు పక్కన తప్పు ఎక్కడుందో రాసి, కట్టు మీద చేతులు మాత్రమే కనిపించే ఒక దగ్గరి షాట్, చుట్లు రెండుగా, ముడి వెనక పడేలా, విడిగా అడగండి. రెండు నిమిషాల పని. ఎడిటర్ దాన్ని మధ్యలో వేసుకుంటాడు. నీళ్ల మట్టం వేలెడు తేడా వస్తే, గ్లాసు ఫ్రేము అంచున మసగ్గా ఉంటే, రాసుకుని వదిలేయండి.

ప్యాకప్ చెప్పాక చొక్కాలు, రుమాళ్లు, బ్యాగు, మరక గీసిన కాగితం, అన్నీ ఒక పెట్టెలో పెట్టి సీను నంబర్లు రాసి తాళం వేయించండి. ఎడిటింగ్ పూర్తయ్యేదాకా అది ఎవరికీ తిరిగి ఇవ్వకూడదు. మిగిలిపోయిన షాట్లు తీయాలి, ప్యాచ్ వర్క్ అని నెల తర్వాత ఫోన్ వస్తుంది, అడిగేది తప్పకుండా ఆ రుమాలే.